ఏడు రోజులు, మూడు నిమిషాలు, ఒక టోపీ

మా షాపుకి తలుపు ఒకటే, పనులు రెండు. ముందు భాగంలో నేను ఫోటోలకి ఫ్రేములు కడతాను. వెనక, చెక్క అడ్డానికి అవతల, మా ఆవిడ వీడియోలు కోస్తుంది. వీధిలో అందరూ దాన్ని ఎడిటింగ్ అంటారు. నేను కోత అనే అంటాను. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళ నుంచీ నా మాటల్ని కూడా ఆవిడ అలాగే కోస్తోంది కాబట్టి ఆ పని గురించి నాకు బాగా తెలుసు.

ఆవిడకి ఈ విద్య ఎవరూ నేర్పలేదు. మా మరదలి పెళ్ళి వీడియో అయిదు గంటలు వస్తే, చూడలేక చూడలేక ఓ రోజు ఒళ్ళు మండి, దాన్ని ఇరవై నిమిషాలకి తెగ్గొట్టింది. అందరూ మళ్ళీ మళ్ళీ అడిగి చూశారు. మా చిన్నమావయ్య ఒక్కడు మాత్రం అందులో తాను ఎక్కడా లేనని రెండేళ్ళు మాట్లాడలేదు. ఆ రెండేళ్ళూ మాకు హాయిగా గడిచాయి. అప్పుడే నాకు ఈ పనిలో లాభం ఉందనిపించి, షాపులో వెనక సగం ఆవిడకి వదిలేశాను. ఇప్పుడు ముందు సగంలో కూడా సగం ఆవిడదే అయింది.

ఎలాగంటారా? ఫోటో చుట్టూ వేసే అట్టకి నేను మధ్యలో కిటికీ కోస్తాను కదా, ఆ కోసిన ముక్క మిగిలిపోతుంది. అలాంటి అట్టముక్కలు రోజుకి పదో పదిహేనో వస్తాయి. ఆవిడ వాటిని ఏరుకుపోయి, ఒక్కో ముక్క మీద ఒక్కో దృశ్యం రాసుకుంటుంది. రాసి ఊరుకోదు. నేను గాజు కోసే బల్ల మీద వాటిని వరసగా పేర్చి, నిలబడి చూస్తూ, ఇది అటూ అది ఇటూ మారుస్తూ ఉంటుంది. అంతసేపూ నేను గాజు కోయకూడదు, ఫ్యాను వేయకూడదు, గట్టిగా తుమ్మకూడదు. తెరమీద కోయడం చివరి పని, వరస తేలకుండా కోస్తే చేతికి పని గానీ వీడియోకి కాదు అంటుంది.

ఓ సోమవారం పొద్దున్న ఎదురుగా ఉండే మందుల షాపాయన వచ్చాడు. మంచివాడు. నవ్వు ముఖం. భార్య పోయి నాలుగేళ్ళయింది. ఈ మధ్యనే, తన కూతురు చదివే స్కూల్లో లెక్కల టీచర్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడకీ మొదటి భర్త పోయాడు, తొమ్మిదేళ్ళ కొడుకున్నాడు. కూతురికి పన్నెండు. నలుగురూ కలిసి మొట్టమొదటిసారి ఓ వారం సముద్రం ఒడ్డుకి వెళ్ళొచ్చారు.

"అన్నా, ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనాలు. రెండు వైపుల పెద్దవాళ్ళూ వస్తున్నారు. మా ట్రిప్పు వీడియో చూపించాలి. మూడు నిమిషాలు చాలు. అంతకంటే పెడితే మా బావగారు నిద్రపోతాడు" అన్నాడు.

"అంతేనా, అయిపోతుంది" అన్నాను నేను. ఆవిడని అడక్కుండా మాటివ్వడం నా అలవాటు.

"అందరూ నవ్వుతూ ఉన్నవే ఏరి తెచ్చానన్నా. తొంభై నాలుగు క్లిప్పులు. నీళ్ళలో ఆడినవన్నీ ఓచోట, కొండవీ ఓచోట, తిన్నవీ ఓచోట పెట్టి వెనక మంచి పాట వేసేస్తే చాలు. వదినకి గంట పని."

లోపల్నించి కుర్చీ జరిగిన చప్పుడైంది. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని మా ఆవిడ బయటికొచ్చింది.

"ఏరినవి సరే, ఏరగా మిగిలినవి ఏవీ?" అంది.

"అవెందుకు వదినా? మసగ్గా ఉన్నాయి. వంకరగా ఉన్నాయి."

"అవి కూడా కావాలి. ఫోన్లు ఇచ్చి వెళ్ళండి. సాయంత్రానికి ఎక్కించుకుని ఇచ్చేస్తాను."

ఇది ఆవిడ పద్ధతి. వచ్చినవాళ్ళు ఏరి తెచ్చింది తరవాత చూస్తుంది, వద్దని పక్కన పెట్టింది ముందు చూస్తుంది. ఏరినవాటిలో మనుషులు ఫోన్ని చూస్తూ ఉంటారట, పారేసినవాటిలో ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారట. పాపం మందుల షాపాయన అయిష్టంగానే రెండు ఫోన్లూ ఇచ్చాడు. అన్నీ కలిపి మూడువందల పన్నెండు క్లిప్పులు, మూడున్నర గంటలు.

ఆ సాయంత్రం ఫోన్లు తీసుకెళ్ళడానికి ఆయన రాలేదు, టీచర్‌గారు వచ్చింది. ఫోన్లు చేతిలోకి తీసుకున్నాక కూడా కదల్లేదు. నా బల్లమీద ఫ్రేముల నమూనాలు ఒక్కోటీ ముట్టుకుని చూస్తూ నిలబడింది. ఆవిడకి ఫ్రేము అక్కర్లేదని నాకు అర్థమైంది గానీ, ఏం కావాలో అర్థం కాలేదు. మా ఆవిడకే అర్థమై, స్టూలు లాగి కూర్చోమంది.

"అక్కా, పాప మొదటి రెండు రోజులూ మూతి ముడుచుకునే ఉంది. అవి పెట్టకండి" అంది టీచర్.

"మీ ఆయనా అదే అన్నాడు."

"ఆయన వేరు. అంతా బాగుందని చూపించాలని ఆయన తాపత్రయం. నాకు పాప గురించి. ఆదివారం పాప వాళ్ళ అమ్మమ్మగారు, పోయినావిడ తల్లి, వస్తున్నారు. స్కూలు తెరిచేలోపు పిల్లని తనతో తీసుకెళ్ళి చదివిస్తానని అంటున్నారు. ఇక్కడ పిల్ల సంతోషంగా లేదని ఆవిడ నమ్మకం. భోజనాలయ్యాక పాపనే అడుగుతారట, ఎక్కడుంటావని." నమూనా ఫ్రేమొకటి మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "తను వెళ్తానంటే నేను ఆపలేను. ఆపే హక్కు నాకెక్కడిది? ఇంట్లో కూడా నన్ను టీచర్ అనే పిలుస్తుంది. కానీ వెళ్ళకూడదని నాకుంది. అంతే."

నేను వెంటనే "ఏం ఫరవాలేదమ్మా, నవ్వులు తప్ప ఇంకోటి కనబడదు, నాదీ పూచీ" అనేశాను. మా ఆవిడ నావైపు చూసిన చూపుకి చేతిలో ఉన్న గాజు పలక బల్లమీద పెట్టేశాను.

టీచర్ వెళ్ళాక అడిగాను. "ఏం, ఆ మాత్రం సాయం చేయలేవా?"

"సాయం చేద్దామనే చూస్తున్నా. మూడు నిమిషాలు ఆపకుండా నలుగురూ నవ్వుతూ ఉంటే మీరు నమ్ముతారా? ఆవిడ పిల్లకి అమ్మమ్మ. ఆ నవ్వుల్లో ఏది ఫోటో నవ్వో ఏది సొంత నవ్వో మొదటి నిమిషంలోనే కనిపెట్టేస్తుంది. ఇక ఆ తరవాత మనం ఏం చూపించినా నమ్మదు."

మంగళవారం పొద్దున్నే నా గాజుబల్ల ఆక్రమణకి గురైంది.

ముందు రోజుల వరస పేర్చింది. ఏడు రోజులకి సమానంగా పంచితే రోజుకి పాతిక సెకన్లు. చూడ్డానికి న్యాయంగానే ఉంది. కానీ మందుల షాపాయన మొదటి రోజు ఎనభై ఒక్క క్లిప్పులు తీశాడు, అందులో పదకొండు సూట్‌కేసులు సర్దడమే. అయిదో రోజు వానకి గదిలో చిక్కుబడిపోయి తొమ్మిదే తీశాడు. సూట్‌కేసులకీ వానకీ ఒకటే వాటా ఏమిటని ఆవిడ తనలో తనే సణుక్కుంది. "ఇలా పెడితే హాజరుపట్టీ అవుతుంది, కథ అవదు" అని అట్టముక్కలన్నీ కలిపేసింది.

తరవాత ఆయన అడిగినట్టే చేసి చూసింది. నీళ్ళు ఓచోట, కొండ ఓచోట, తిండి ఓచోట, వెనక హుషారైన పాట. గబగబా అతికించి నన్ను పిలిచి కూర్చోబెట్టింది. నేనంటే ఆవిడకి పరీక్షగది. నేను చూస్తున్నంతసేపూ ఆవిడ తెరని చూడదు, నా కుడిచెయ్యిని చూస్తుంది. ఎక్కడ విసుగు పుడితే అక్కడ నాకు తెలీకుండానే నా చెయ్యి జేబులో కొలత టేపు మీదకి పోతుందట.

మొదట్లో బాగానే ఉంది. కెరటాలు, కేకలు, పిల్లలు. నీళ్ళయ్యాక కొండ వచ్చింది, కొండయ్యాక భోజనం వచ్చింది.

"ఒక నిమిషం పది సెకన్లు" అంది ఆవిడ.

చూసుకుంటే టేపు నా చేతిలో ఉంది. ఓ జానెడు లాగేశాను కూడా.

"బాగానే ఉందే?" అన్నాను.

"బాగున్నవాటికి తరవాత ఏమవుతుందోనని ఉండదండీ. నీళ్ళ తరవాత కొండ ఎందుకొచ్చింది? కొండ తరవాత అన్నం ఎందుకొచ్చింది? మార్చి పెట్టినా ఒకటే. అలాంటప్పుడు పాట ఎంతసేపు లాగగలదు, నిమిషం."

నేను వినలేదు. ఇంకోటి నన్ను పట్టుకుంది. "అది సరే, ఆ పసుప్పచ్చ టోపీ ఏమిటి? నీళ్ళ దగ్గర టీచర్ నెత్తిన ఉంది, వెంటనే పిల్లాడి చేతిలో ఉంది, మళ్ళీ టీచర్ నెత్తిన, ఈలోపల పాప నెత్తిన. వాళ్ళకి ఎన్ని టోపీలున్నాయి?"

"ఒకటే. మీ ఆయన కోరినట్టు రోజులు కలిపేశాను కదా, అందుకని గెంతుతోంది" అంది. మందుల షాపాయనని ఆవిడ నాకు అంటగట్టేసింది. నేను మాటిచ్చిన ప్రతివాడూ నావాడే.

బుధవారం ఇంకో ఎత్తు వేసింది. ఏడు రోజుల్నీ కలిపి ఒకే రోజుగా మలచడం. ఒకనాటి తెల్లవారు, ఇంకోనాటి మధ్యాహ్నం, మరోనాటి సాయంత్రం తీసుకుని, పొద్దున లేచి రాత్రి పడుకునేదాకా ఒక్క రోజులా చూపించడం. ఇది ఆవిడకి చాలా ఇష్టమైన తీరు. ఏ ఊరు వెళ్ళొచ్చిన వాళ్ళకైనా ఇది ఎక్కడో ఒకచోట అతుకుతుంది, వెలుగు మారుతూ ఉంటే చూసేవాళ్ళకి దారి తెలుస్తుంది. నాకూ నచ్చింది. టేపు జేబులోంచి రాలేదు.

కానీ ఆవిడే పెదవి విరిచింది. మంచి సూర్యాస్తమయం రెండోరోజుది. అందులో పాప దూరంగా, వీపు తిప్పుకుని కూర్చుంది. మధ్యాహ్నం ముక్క ఆరో రోజుది, అందులో టీచర్ పక్కనే నడుస్తోంది. రెండూ ఈ వరసలో పెడితే, మధ్యాహ్నం దాకా బాగున్న పిల్ల సాయంత్రానికి అలిగినట్టు కనిపిస్తుంది. జరిగింది సరిగ్గా తలకిందులు.

"అందంగా ఉంది. అబద్ధం చెప్తోంది" అని అట్టలు తీసేసింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ అన్నానికి రాలేదు. పిలిస్తే పలకలేదు. నేను చెక్క అడ్డం పక్కనుంచి తొంగిచూశాను. పారేసిన రెండువందల పద్దెనిమిదీ ఆరోసారో ఏడోసారో చూస్తోంది. కాసేపటికి అరచేత్తో నన్ను రమ్మని సైగ చేసింది.

"మీరడిగారే, టోపీ. ఇదిగో చూడండి."

ఒక్కో క్లిప్పు ఆపి ఆపి చూపించింది. మొదటి రోజు రైల్వే ప్లాట్‌ఫారం మీద ఫోను ఎక్కడో ఆనించి నలుగురూ నిలబడ్డారు. టోపీ టీచర్ నెత్తిన ఉంది. పాప ఆ చివర, సగం భుజం తెరలోంచి బయటే, పక్కకి చూస్తోంది. రెండోరోజు కొండమీద గాలికి టోపీ ఎగిరిపోతే మందుల షాపాయన పొట్ట ఊపుకుంటూ దాని వెనక పరుగెత్తాడు. మూడో రోజు పిల్లాడు దాన్నిండా గవ్వలు పోసి తెచ్చాడు. అయిదో రోజు వాన. ఆ తొమ్మిది క్లిప్పులూ చీకటిగా ఉన్నాయని ఆయన ఒక్కటి కూడా ఏరలేదు. మంచం మీద నలుగురూ పేకాడుతున్నారు. గవ్వలే పందెం, టోపీయే గల్లాపెట్టె. లెక్కల టీచర్ దొంగాట ఆడుతోంది. పాప దాన్ని పట్టేసింది. "టీచర్, మీరు ముక్క దాచారు" అని, నవ్వాపుకోలేక దుప్పట్లో ముఖం దాచుకుంది. అది ఫోటో నవ్వు కాదు. ఆరోరోజు ఒడ్డున టోపీ పాప నెత్తిన ఉంది. ఎప్పుడు ఇచ్చారో, ఎవరు ఇచ్చారో, ఏ క్లిప్పులోనూ లేదు.

"ఇక ఇది ఆఖరిది. దీన్ని కూడా పారేశాడు మహానుభావుడు" అంది.

ఏడో రోజు, తిరుగు ప్రయాణం. రైలు కిటికీ పక్కన టీచర్ నిద్రపోతోంది, నోరు కాస్త తెరుచుకుంది. ఫోను ఎవరిదో ఒంటిచేతిలో వంకరగా, అదిరిపోతూ ఉంది. సాయంత్రపు ఎండ సూటిగా ఆవిడ ముఖం మీద పడుతోంది. ఫోను వెనకనుంచి ఓ చిన్న చెయ్యి వచ్చింది. పసుప్పచ్చ టోపీని మెల్లిగా ఆవిడ ముఖానికి అడ్డంగా పెట్టింది. నిద్ర చెడకుండా కొంచెం సర్దింది. అక్కడితో క్లిప్పు అయిపోయింది. అంతా కలిపి ఆరు సెకన్లు.

నేను ముక్కు చీదుకున్నాను. రంపపు పొట్టు అన్నాను.

అక్కణ్ణించి వరస దానంతటదే తేలింది. రోజుల వరస మార్చలేదు, కానీ సమానంగా పంచలేదు. మొదట్లో ఒక ప్రశ్న పెట్టాలి, చివర్లో జవాబు రావాలి, మధ్యలో టోపీ చేతులు మారుతూ మనల్ని తీసుకుపోవాలి అంది. ప్లాట్‌ఫారం మీద ఆ చివరి భుజం ప్రశ్న. అది పన్నెండు సెకన్లు. మొదటి రెండు రోజులకి ముప్ఫై ఎనిమిది, మూడూ నాలుగూ రోజులకి కలిపి ముప్ఫై అయిదు. తొమ్మిదే క్లిప్పులున్న వానరోజుకి ఏకంగా యాభై సెకన్లు ఇచ్చింది. ఆరోరోజుకి ముప్ఫై, రైలుకి పదిహేను. కలిపితే సరిగ్గా నూట ఎనభై. ఒక్కో ముక్క మూడు నాలుగు సెకన్లుంటేగాని కంటికి అందదు కాబట్టి అన్నీ కలిపి ఓ యాభై ముక్కలు పట్టాయి. మూడువందల పన్నెండులో మిగతావన్నీ, ఆయన ప్రాణప్రదంగా తీసిన సూట్‌కేసులతో సహా, పోయాయి. పాట కూడా రైలు దాకానే. ఆ ఆఖరి ఆరు సెకన్లకి రైలు చప్పుడు తప్ప ఇంకేం వద్దంది.

"కానీ టీచర్‌గారు మూతి ముడిచినవి వద్దంది కదా" అన్నాను.

"వాళ్ళిద్దరికీ చూపించి ఒప్పిస్తాను. కానీ ముడిచిన మూతి వాళ్ళది కాదు. దాని సొంతదారుని ముందు అడగాలి."

శుక్రవారం స్కూలు పుస్తకాలకి అట్టలు కొనడానికి వచ్చిన పాపని లోపలికి పిలిచింది. సన్నగా, పొడుగ్గా, చేతులు కట్టుకుని నిలబడి చూసింది. నేను అడ్డం ఇవతల గాజు తుడుస్తున్నట్టు నిలబడ్డాను. ఆ పలక అప్పటికి నాలుగుసార్లు తుడిచాను.

వీడియో అయిపోగానే పాప తెరమీద ఆగిపోయిన టోపీని వేలితో చూపించింది.

"ఇది ఎక్కడ దొరికింది?" అంది పాప.

"మీ నాన్న పారేసినవాటిలో. ఎందుకు తీశావు?"

"టీచర్ నోరు తెరుచుకుని పడుకుంటారని తమ్ముడికి చూపిద్దామని. ఈలోపల ఎండ పడింది." అదేం పెద్ద విషయం కానట్టు చెప్పింది. "అందరిముందూ ఇది వేస్తారా?"

"నువ్వు వద్దంటే వెయ్యను. మొదట్లో నువ్వు అలిగినవీ అంతే. తీసెయ్యమంటే తీసేస్తా. మీ టీచర్ కూడా అవి పెట్టొద్దని అడిగింది."

"ఆవిడ అడిగారా? ఎందుకు?"

"నీకు చిన్నతనంగా ఉంటుందని."

పాప గోరు కొరుక్కుంది. "అవి తీసేస్తే అమ్మమ్మ నమ్మదు. ఆవిడకి నేను రోజూ ఫోన్లో చెప్పేదాన్ని, నాకేం బాలేదని. మొదటి రెండ్రోజులూ." మళ్ళీ తెరకేసి చూసింది. "కానీ నాలుగుసార్లు మూతి ముడిచినట్టు పెట్టారు. అంత లేదు. రెండు చాలు."

"ఒకటైతే ఏదో పరాకు అనుకుంటారు. రెండైతే సందేహం. మూడుంటే గాని అలకని అర్థం కాదు."

"రెండే."

"మూడు."

"మూడోది సగం."

"సరే. రెండున్నర" అంది మా ఆవిడ. మా ఇరవై రెండేళ్ళ కాపురంలో నాకు ఒక్క సెకను తగ్గించిన పాపాన పోలేదు.

ఆ సాయంత్రం మొగుడూపెళ్ళాలు ఇద్దరూ వచ్చి చూశారు. మందుల షాపాయన మొదట నెత్తి పట్టుకున్నాడు, సూట్‌కేసులు ఏవని అడిగాడు, వాన దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకున్నాడు. రైలు రాగానే టీచర్ లేచి, మా గుమ్మంలోకి వెళ్ళి వీధి వైపు తిరిగి నిలబడింది. ఈ వీడియో చూసేదాకా ఆవిడకి ఆ టోపీ సంగతి తెలీదు. నిద్ర లేచేసరికి టోపీ ఒళ్ళో పడి ఉంటే, తానే తీసి పెట్టుకున్నానని అనుకుందట.

ఆదివారం భోజనాలకి మమ్మల్నీ పిలిచారు. టీవీకి వైరు కుదరకపోతే చూసేందుకని నన్ను, మర్యాదకని ఆవిడని. అమ్మమ్మగారు అప్పటికే వచ్చి కూర్చున్నారు. చిన్న మనిషి, నిటారుగా కూర్చునే మనిషి. కుర్చీ పక్కన ఓ పెద్ద నీలం సంచీ, ఖాళీది, మడతపెట్టి ఉంది. అది దేనికో ఇంట్లో అందరికీ తెలుసు. దాన్ని తప్పించుకుని నడుస్తున్నారు.

వీడియో మొదలైంది. ప్లాట్‌ఫారం మీద ఆ సగం భుజం చూడగానే ఆవిడ "ఊ" అన్నారు, నేను చెప్పలేదా అన్నట్టు. అలకలు రెండున్నరా చూసి ఇంకా నిటారుగా కూర్చున్నారు. టోపీ వెనక అల్లుడు పరుగెత్తుతుంటే అందరూ నవ్వారు, ఆవిడ నవ్వలేదు. వాన వచ్చింది, పేక వచ్చింది. "టీచర్, మీరు ముక్క దాచారు" అని పాప దుప్పట్లో దూరింది. ఆవిడ కుర్చీలో ముందుకు జరిగారు.

రైలు దగ్గర పాట ఆగిపోయింది. మా ఆవిడ తెరని చూడ్డం లేదు, ఎప్పట్లాగే చేతులు చూస్తోంది, ఈసారి అమ్మమ్మగారివి. అవి ఒళ్ళో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"ఆ చెయ్యి ఎవరిది?" అన్నారావిడ.

"నాదే అమ్మమ్మా" అంది పాప.

"ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ అన్లేదు. ఎండ పడితే టీచర్‌కి తలనొప్పి వస్తుంది."

అమ్మమ్మగారు చాలాసేపు ఆ పిల్లనే చూశారు. బావగారు నిద్రపోలేదు. టీచర్ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఇప్పుడు అడుగుతారు, ఎక్కడుంటావని.

"మళ్ళీ ఓసారి వెయ్యండి" అన్నారు అమ్మమ్మగారు నాతో.

వేశాను. ఆ తరవాత మళ్ళీ వేశాను. మూడోసారి పేకాట దగ్గర ఆవిడ కూడా నవ్వారు. ఆ అడగాల్సిన మాట మధ్యాహ్నమంతా ఎవరూ అడగలేదు. టీ తాగేటప్పుడు ఆవిడ టీచర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, తలనొప్పికి ఏం మందు వాడుతున్నావమ్మా అని అడిగి, అల్లుడి షాపులో మందులు ఒక్కటీ పనిచెయ్యవని చెప్పారు.

సోమవారం నేను షాపు తెరిచేసరికి అమ్మమ్మగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"బాబూ, ఆ చెయ్యి టోపీ పెడుతుందే, ఆ బొమ్మ ఒకటి ఫోటోగా తీసి ఫ్రేము కట్టివ్వు. పదకొండింటి బస్సుకి వెళ్ళిపోవాలి."

నాలోని పనివాడు ఊరుకోలేదు. "అది వీడియోలోది కదండీ, పెద్దది చేస్తే మసగ్గా ఉంటుంది. అదీగాక వంకర. కొండమీద నలుగురూ నవ్వుతున్నది ఒకటుంది, చక్కగా..."

"అది వద్దు" అన్నారావిడ. "నా కళ్ళకి అన్నీ మసకే. నాకు కనిపించాల్సింది కనిపించింది."

మా ఆవిడ లోపల్నించి ఆ ముక్క తీసిచ్చింది. మంచి టేకు పట్టీ ఏరి, గాజు కోసి, అట్టకి కిటికీ కోసి కట్టాను. ఆ రోజు నా బల్ల నాకు పూర్తిగా దొరికింది. కోయగా మిగిలిన అట్టముక్కని మా ఆవిడ రాసుకోడానికి వాడలేదు, అలాగే గోడకి ఆనించి ఉంచింది.

ఫ్రేము పాత కాగితంలో చుట్టబోతుంటే, "ఎందుకు బాబూ, సంచీ తెచ్చుకున్నాను" అన్నారు అమ్మమ్మగారు. మడతలు విప్పారు. అదే నీలం సంచీ. పిల్ల బట్టలన్నీ పట్టేంత పెద్దది. అందులో అడుక్కి ఆ ఫ్రేము ఒక్కటీ పెట్టుకుని, జాగ్రత్తగా భుజానికి తగిలించుకుని, బస్సు వేళయిందని వెళ్ళిపోయారు.